చేరినవాళ్లు మూడు నెలలకే మానేస్తుంటే: ఉద్యోగ విశ్లేషణ నుంచి ఎంపిక దాకా లోపం ఎక్కడుందో పట్టుకోవడం

మనిషిని ఉద్యోగంలోకి తీసుకోవడంలో మూడు మెట్లున్నాయి. పని ఏమిటో, దానికి ఎలాంటి మనిషి సరిపోతాడో తేల్చుకోవడం ఉద్యోగ విశ్లేషణ. అలాంటివాళ్ల చేత దరఖాస్తు పెట్టించడం రిక్రూట్‌మెంట్. వచ్చినవాళ్లను వడపోసి ఒకరిని తేల్చుకోవడం సెలెక్షన్, అంటే ఎంపిక. పరీక్షలో ఈ మూడింటికీ నిర్వచనాలు రాసేస్తాం. ఆఫీసులో మాత్రం తిప్పలు మొదలయ్యేది లోపం ఒక మెట్టు మీద కనబడి, ఇంకో మెట్టు మీద పుట్టినప్పుడు.

ఒక కేసు పట్టుకుని చూద్దాం. విజయవాడలో మందుల హోల్‌సేల్ ఏజెన్సీ అనుకోండి. బిల్లింగ్ ఆపరేటర్ పోస్టులు రెండు. ఏడాదిలో నలుగురు చేరారు, నలుగురూ మూడు నెలలు దాటకుండానే మానేశారు. ఇది లెక్కలు తెలియడానికి కల్పించుకున్న కేసు, అంకెలు కూడా అలాంటివే.

సమస్య 1: చేరుతున్నారు, నిలవడం లేదు

యజమానిని అడిగితే "ఈ కాలం పిల్లలకు ఓపిక లేదండీ" అంటాడు. ఆ మాట నమ్మే ముందు మానేసినవాళ్లు ఏ వారంలో మానేశారో చూడాలి. మొదటి వారంలోనే వెళ్లిపోతే జీతం గురించో, టైమింగ్స్ గురించో ముందు సరిగా చెప్పలేదని అర్థం. ఈ కేసులో నలుగురూ నెలాఖరు దాటిన వారంలోనే మానేశారు. ఒకే చోట ఇంతమంది జారిపడితే చూడాల్సింది నేలను.

కారణం ప్రకటనలోనే ఉంది: "బిల్లింగ్ ఆపరేటర్ కావలెను. ట్యాలీ తెలిసి ఉండాలి. డిగ్రీ తప్పనిసరి." అసలు పని ఏమిటో ఎవరూ కాగితం మీద పెట్టలేదు. ఉద్యోగ విశ్లేషణ జరగలేదన్నమాట.

చేయడానికి రెండు రోజులు చాలు. ఒక మామూలు రోజు, ఒక నెలాఖరు రోజు ఆ సీటు పక్కన కూర్చుని ఏ పనికి ఎంతసేపు పడుతోందో రాసుకోవాలి. ఒక్క మామూలు రోజే చూసి వదిలేస్తే అసలు చిక్కు దొరకదు. చూసినది రాసుకున్నాక, ఆ సీట్లో ఉన్నవాళ్లను, సూపర్‌వైజర్‌ను విడివిడిగా అడగాలి. పక్కపక్కన కూర్చోబెట్టి అడిగితే ఉద్యోగి సూపర్‌వైజర్ చెప్పిందానికే తలూపుతాడు.

మామూలు రోజు తొమ్మిది గంటల పనిలో తేలిన లెక్క ఇది. బిల్లింగ్ మూడున్నర గంటలు. షాపుల నుంచి ఫోన్ ఆర్డర్లు తీసుకోవడం రెండు గంటలు. ఎక్స్‌పైరీ సరుకు వెనక్కి తీసుకుని క్రెడిట్ నోట్లు రాయడం గంటన్నర. ప్యాకింగ్ అయిన బాక్సుల్ని బిల్లుతో సరిచూడటం గంట. బాకీల కోసం షాపులకు ఫోన్లు గంట. నెలాఖరున స్టాక్ లెక్క కూడా ఈ సీటుదే, ఆ రెండు రోజులూ రాత్రి తొమ్మిది దాటుతుంది. ప్రకటనలో ఉన్న పని మొత్తం పనిలో సగం కూడా కాదు. కంప్యూటర్ ముందు కూర్చోవచ్చనుకుని వచ్చినవాడు నెలాఖరున గోడౌన్‌లో నిచ్చెనెక్కాల్సి వచ్చింది.

ఈ లెక్క నుంచి రెండు కాగితాలు పుడతాయి. పని గురించి చెప్పేది ఉద్యోగ వర్ణన, జాబ్ డిస్క్రిప్షన్: విధులు, వేళలు, ఎవరికి జవాబు చెప్పాలి, ఏ పరికరాలు వాడాలి. మనిషి గురించి చెప్పేది అర్హతల వివరణ, జాబ్ స్పెసిఫికేషన్: చదువు, నైపుణ్యం, అనుభవం. విద్యార్థులు ఎక్కువగా తారుమారు చేసేది ఈ రెండింటినే. "రోజూ ఫోన్‌లో ఆర్డర్లు తీసుకోవాలి" అన్నది వర్ణన. "ఫోన్‌లో విన్న మందు పేరు తప్పు లేకుండా రాయగలగాలి" అన్నది అర్హత. ఉద్యోగానికి ఎంత విలువ కట్టాలో, జీతం ఏ శ్రేణిలో ఉండాలో తేల్చే జాబ్ ఎవాల్యుయేషన్ వేరే పని, అది వీటి తర్వాత వస్తుంది.

అర్హతల కాగితం సరిగా ఉందో లేదో చూడటానికి ఒక తేలిక పద్ధతి ఉంది. ప్రతి అర్హత పక్కన, అది ఏ విధి కోసమో వర్ణనలోని వరుస సంఖ్య వేయండి. సంఖ్య దొరకని అర్హతను కొట్టేయండి. ఇక్కడ "డిగ్రీ తప్పనిసరి"కి సంఖ్య దొరకదు. మందుల వ్యాపారం కదా, చదువు ఉండాలి కదా అని యజమాని వాదించవచ్చు. 1945 నాటి డ్రగ్స్ రూల్స్ ప్రకారం హోల్‌సేల్ లైసెన్సుకు ఒక అర్హుడైన వ్యక్తి ఉండాలి: రిజిస్టర్డ్ ఫార్మసిస్టు, లేదా మందుల అమ్మకంలో ఏడాది అనుభవమున్న డిగ్రీదారుడు, లేదా నాలుగేళ్ల అనుభవమున్న పదో తరగతి పాసైనవాడు. ఆ షరతు అమ్మకాలకు బాధ్యుడిగా చూపించే ఆ ఒక్కరికి, బిల్లు కొట్టే ప్రతివాడికీ కాదు. ఒకరి అర్హతను ఇంకొకరి నెత్తిన రుద్దితే ఇంటర్ చదివి చురుగ్గా పనిచేసేవాళ్లు దరఖాస్తే పెట్టరు.

సమస్య 2: దరఖాస్తులు కుప్పలు, పనికొచ్చేవాళ్లు కొద్దిమందే

ఇది రిక్రూట్‌మెంట్ మెట్టు. ఎక్కడ నీళ్లు కారుతున్నాయో తెలియాలంటే ప్రతి దశలో ఎంతమంది మిగిలారో రాసుకోవాలి. దీన్నే యీల్డ్ రేషియో అంటారు. గత ఏడాది ఒక విడత నియామకంలో ఈ ఏజెన్సీ లెక్క: 80 దరఖాస్తులు, పిలిచింది 20 మందిని, వచ్చింది 12 మంది, ఆఫర్ ఇచ్చింది ముగ్గురికి, చేరింది ఇద్దరు.

దశకొక నిష్పత్తి వేస్తే 80కి 20 అంటే నాలుగుకి ఒకటి. 20కి 12 అంటే అయిదుకి మూడు. 12కి మూడు అంటే మళ్లీ నాలుగుకి ఒకటి. ముగ్గురికి ఇద్దరు. ఇవే నిష్పత్తులు కొనసాగితే ముగ్గురు కావాలన్నప్పుడు వెనక్కి లెక్కేసుకుంటే 120 దరఖాస్తులు కావాలి. పరీక్షలో లెక్క ఇలాగే అడుగుతారు. ఆఫీసులో మాత్రం దీని ఉపయోగం వేరు: ఏ నిష్పత్తి బాగా లేదో చూసి ఆ దశను బాగుచేయడం.

80లో 60 మందిని మొదటే పక్కన పెట్టారంటే ప్రకటన తప్పు మనుషుల్ని పిలిచింది. పిలిచిన 20 మందిలో ఎనిమిది మంది రాలేదంటే మామూలుగా మూడు కారణాలు: జీతం చెప్పలేదు, చోటు చెప్పలేదు, దరఖాస్తుకీ పిలుపుకీ మధ్య వారాలు గడిచాయి. మూడోది కొంప ముంచుతుంది, ఎందుకంటే మంచివాడికి ఆలోపు ఇంకోచోట ఉద్యోగం వచ్చేస్తుంది.

ప్రకటన ఇలా మార్చవచ్చు: "మందుల హోల్‌సేల్ ఏజెన్సీలో బిల్లింగ్, ఫోన్ ఆర్డర్లు, ఎక్స్‌పైరీ రిటర్నుల పని. ఉదయం 9:30 నుంచి రాత్రి 7:30, మధ్యలో గంట భోజన విరామం. నెలాఖరు రెండు రోజులు స్టాక్ లెక్క, రాత్రి 9 దాటవచ్చు. ఇంటర్ చాలు." దీని కింద జీతం శ్రేణి, ఏరియా పేరు. కష్టం కూడా రాశాం కాబట్టి 80 బదులు 40 దరఖాస్తులే రావచ్చు. అందులో 20 మంది పిలవదగ్గవాళ్లయితే నిష్పత్తి రెండుకి ఒకటికి వచ్చింది, బాగుపడినట్టే. పాఠ్యపుస్తకాల్లో రిక్రూట్‌మెంట్ సానుకూల ప్రక్రియ, ఎంపిక ప్రతికూల ప్రక్రియ అని ఉంటుంది: మొదటిది జనాన్ని చేరుస్తుంది, రెండోది తగ్గిస్తుంది. దాన్ని పట్టుకుని "ఎంత ఎక్కువమంది వస్తే అంత మంచిది" అని రాయకండి.

ఇక ఎక్కడ వెతకాలి? లోపలి వనరులు ముందు: ప్యాకింగ్‌లో ఉన్న కుర్రాడికి మందుల పేర్లు, బ్యాచ్‌లు ఇప్పటికే తెలుసు. అతనికి కంప్యూటర్ నేర్పడం, కంప్యూటర్ వచ్చినవాడికి మందులు నేర్పడం కంటే తేలిక కావచ్చు. పదోన్నతితో అతని చోటు ఖాళీ అవుతుంది, అది మర్చిపోకూడదు. బయటి వనరుల్లో ఉద్యోగుల సిఫార్సు చవక, త్వరగా అవుతుంది. కాకపోతే ఒకే ఊరివాళ్లు, ఒకే బంధువర్గం పోగవుతారు. అలా వచ్చినవాళ్లలో ఒకరు మానేస్తే ముగ్గురు కలిసి వెళ్లిపోయే ప్రమాదం ఉంది.

సమస్య 3: ఇంటర్వ్యూలో అదరగొట్టాడు, సీట్లో తేలిపోయాడు

ఇక్కడ లోపం ఎంపికలోనే. "మీ గురించి చెప్పండి", "మీ బలహీనత ఏమిటి" అని అడిగితే బాగా మాట్లాడేవాడు గెలుస్తాడు. ఒక మంచి గుణం చూసి మిగతావన్నీ మంచివేనని అనుకోవడాన్ని హేలో ఎఫెక్ట్ అంటారు. ఈ పేరు 1920లో మనస్తత్వవేత్త ఎడ్వర్డ్ థార్న్‌డైక్ రాసిన వ్యాసంతో వాడుకలోకి వచ్చింది. ఇంగ్లిష్ బాగా మాట్లాడాడు కాబట్టి బిల్లు కూడా బాగా కొడతాడనుకోవడం మన దగ్గర కనబడే రకం.

పరిష్కారం మొదటి మెట్టులో రాసుకున్న వర్ణనలోనే ఉంది. ముందు పని నమూనా పరీక్ష, 20 నిమిషాలు. చేత్తో రాసిన పది వరుసల ఆర్డర్ ఒకటి ఇచ్చి బిల్లు కొట్టమనండి. అందులో ఒక వరుస సెట్రిజిన్, ఇంకో వరుస లెవోసెట్రిజిన్ పెట్టండి, పేర్లు దగ్గరగా ఉన్నా రెండూ వేరు మందులు. ఒక మందుకు ఎంత మోతాదు బిళ్లో రాయకుండా వదిలేయండి. ఒకదానికి స్టాకులో రెండు బ్యాచ్‌లు చూపించి, ఒకదాని గడువు వచ్చే నెలే ముగిసేలా పెట్టండి. వేగం కంటే ఇక్కడ చూడాల్సింది, మోతాదు లేని వరుస దగ్గర ఆగి అడిగాడా, లేక తోచింది కొట్టేశాడా అన్నది. అడిగినవాడి వేగం రెండు వారాల్లో పెరుగుతుంది. అడక్కుండా కొట్టేసేవాడి తప్పుడు సరుకు మాత్రం షాపు నుంచి తిరిగొస్తూనే ఉంటుంది.

తర్వాత నిర్మిత ఇంటర్వ్యూ. అందరికీ అవే అయిదు ప్రశ్నలు, అదే వరుసలో, ఒక్కోదానికి ఒకటి నుంచి అయిదు మార్కులు. ఏ జవాబుకు ఎన్ని మార్కులో ముందే రాసుకోవాలి. ఒక ప్రశ్న: "నిన్నటి సరుకులో ఒక స్ట్రిప్ తక్కువ వచ్చిందని షాపువాళ్లు ఫోన్ చేశారు. ఏం చేస్తారు?" "సార్‌కి చెబుతానండి" అంటే ఒకటి. బిల్లు తీసి చూస్తానంటే మూడు. బిల్లు చూసి, ఆ బ్యాచ్ స్టాకు లెక్కపెట్టి, అదే రోజు షాపుకు తిరిగి ఫోన్ చేస్తానంటే అయిదు. ఇంటర్వ్యూ చేసే ఇద్దరూ మాట్లాడుకోకముందే విడివిడిగా మార్కులు వేయాలి. పెద్దాయన "బాగున్నాడు" అనేశాక రెండో ఆయన మార్కులకు విలువ లేదు.

ఏ పద్ధతి పనితీరును ఎంత బాగా ముందే చెబుతుందో 1998లో ష్మిట్, హంటర్ అనే మనస్తత్వవేత్తలు పోల్చారు. 2022లో సాకెట్ అనే పరిశోధకుడి బృందం ఆ లెక్కల్ని సరిచూస్తే చాలా పద్ధతుల విలువ తగ్గింది, నిర్మిత ఇంటర్వ్యూ మాత్రం పైవరుసలో నిలిచింది. రెండు లెక్కల్లోనూ అనుభవం ఎన్నేళ్లన్నది కిందివరుసలోనే ఉంది. మన ప్రకటనల్లో మొదటి లైను అదే.

సమస్య 4: ఎంపికయ్యాడు, చేరలేదు

ఆఫర్ ఇచ్చిన ముగ్గురిలో ఒకరు రాకపోవడం వింత కాదు. రెండో వరుసలో ఉన్న వ్యక్తికి "ఎంపిక కాలేదు" అని వెంటనే చెప్పేస్తే మాత్రం మళ్లీ 80 దరఖాస్తుల దగ్గర మొదలుపెట్టాలి. ఫలానా తేదీలోగా చెబుతామని అతనికి తేదీ ఇచ్చి, మొదటి వ్యక్తి సంతకం అయ్యాక మాట నిలబెట్టుకోవాలి.

పాత యజమానిని విచారించేటప్పుడు "ఎలాంటి మనిషి?" అని అడిగితే "మంచివాడే" అన్న జవాబే వస్తుంది. ఎప్పటి నుంచి ఎప్పటి దాకా చేశాడు, ఏ సీటు, మళ్లీ వస్తే తీసుకుంటారా అని అడగండి. చివరి ప్రశ్నకు ముందు వచ్చే మౌనం కూడా జవాబే. ఇంకా అక్కడే పనిచేస్తున్నవాడైతే అతని అనుమతి లేకుండా ఆ ఫోన్ చేయకూడదు, మీరు తీసుకోకపోతే ఉన్న ఉద్యోగానికీ ఎసరొస్తుంది.

చేరే ముందు ఒక నెలాఖరు సాయంత్రం గోడౌన్‌కు పిలిచి స్టాక్ లెక్క జరుగుతుండగా గంటసేపు చూపించండి. అది చూసి వద్దనుకునేవాడు అప్పుడే వద్దంటాడు, రెండో వరుసలో ఉన్న వ్యక్తి ఇంకా మీ ఫోన్ కోసం చూస్తూనే ఉంటాడు.