చెత్త డబ్బా, బాత్రూం బకెట్ కంపు పోయి చిన్న ఈగలు రాకుండా ఉండాలంటే ఎలా కడగాలి?

వాసన వస్తోందనగానే చాలామంది ఫినాయిల్ సీసా అందుకుంటారు. కంపు పుట్టేది ప్లాస్టిక్‌ను అంటుకుని ఉన్న జిగురు పొరలో. డబ్బా లోపల వేలు పెట్టి రాస్తే జారుడుగా తగులుతుంది, అదే ఆ పొర. ఫినాయిల్ దాన్ని తియ్యదు, దాని మీద ఇంకో వాసన చేరుస్తుంది. కలరా ఉండలు వేసినా అంతే. చిన్న ఈగల పిల్ల పురుగులు పెరిగేది కూడా ఇలాంటి తడి మురికిలోనే. కాబట్టి వాసన పోవడానికీ ఈగలు పోవడానికీ పని ఒకటే: జిగురు తీసెయ్యాలి.

కావలసినవి: కొబ్బరి పీచు, పాత టూత్‌బ్రష్, గిన్నెలు తోమే లిక్విడ్, నిమ్మ ఉప్పు, బ్లీచింగ్ పౌడర్, రబ్బరు గ్లవ్స్. స్టీలు పీచు మాత్రం వద్దు. అది పెట్టిన గీతల్లోనే మళ్లీ మురికి చేరుతుంది.

ముందు డస్ట్‌బిన్

చెత్త పారబోసి, అడుగున అంటుకున్నది పాత పేపరుతో తుడిచెయ్యండి. వేడినీళ్లు, లిక్విడ్ వేసి పీచుతో తోమండి. అందరూ వదిలేసేది పైఅంచు కింద మడత, మూత బిగించిన చోటు. అక్కడ టూత్‌బ్రష్ పెడితే నల్లటి జిగురు ఊడి వస్తుంది. మూత ఊడదీసి కడగడానికి రాని డస్ట్‌బిన్ అసలు కొనొద్దు. కాలితో తొక్కితే తెరుచుకునే రకం చూడటానికి బాగానే ఉంటుంది గానీ, దాని సందుల్లోకి బ్రష్ పోదు.

తర్వాత బకెట్

హన్మకొండలో బోరు నీళ్లు వాడే ఇళ్లలో బకెట్ లోపల తెల్లగా, గరుకుగా ఒక పొర కడుతుంది. అది నీళ్లలోని సున్నం. దాన్ని పట్టుకునే జిగురు పెరుగుతుంది కాబట్టి సబ్బుతో ఎంత తోమినా లాభం ఉండదు. లీటరు వేడినీళ్లలో రెండు చెంచాల నిమ్మ ఉప్పు కరిగించి, పాత గుడ్డ తడిపి లోపలి గోడకు అతికించి అరగంట వదిలెయ్యండి. సున్నం ఉన్నచోట సన్నటి బుడగలు వస్తాయి. తర్వాత పీచుతో రుద్దితే వచ్చేస్తుంది. వెనిగర్‌లో వంట సోడా కలిపి పోస్తే బాగా నురుగు వస్తుందని చాలామంది అదే చేస్తారు. ఆ రెండూ ఒకదాన్నొకటి చంపేసుకుంటాయి, నురుగు తప్ప పని జరగదు. నిమ్మ ఉప్పే వాడాలి.

బ్లీచింగ్ పౌడర్: ఇక్కడ తొందరపడొద్దు

ఎక్కువమంది పాడుచేసేది ఈ దశనే. జిగురు ఉండగానే బ్లీచింగ్ వేస్తే దాని బలమంతా ఆ మురికి మీదే అయిపోతుంది. తోమి కడిగాకే వెయ్యాలి.

అంతకంటే ముఖ్యమైన మాట: బ్లీచింగ్ పౌడర్, యాసిడ్ ఎప్పుడూ కలవకూడదు. కలిస్తే క్లోరిన్ గ్యాస్ వస్తుంది. కళ్లు మండుతాయి, ఊపిరి ఆడదు, చిన్న బాత్రూంలో ప్రాణం మీదికి వస్తుంది. యాసిడ్ అంటే షాపులో అమ్మే బాత్రూం యాసిడ్ ఒక్కటే కాదు. టాయిలెట్ కడిగే లిక్విడ్లు చాలావరకు యాసిడే. మనం ఇప్పుడే వాడిన నిమ్మ ఉప్పు కూడా ఆ జాతిదే. అందుకే సున్నం తీసిన బకెట్‌ను మూడుసార్లు మంచినీళ్లతో కడగాలి. ఆ నీళ్లు పోయిన జాలీలో కూడా రెండు మూడు మగ్గుల నీళ్లు గుమ్మరించాలి, ఎందుకంటే చివరికి బ్లీచింగ్ నీళ్లు పోయేదీ అందులోకే. ఆ రోజు బాత్రూం యాసిడ్‌తో కడిగి ఉంటే బ్లీచింగ్ పని మర్నాటికి పెట్టుకోండి. పొరపాటున కలిసి ఘాటు లేస్తే ఏదీ సర్దడానికి నిలబడకండి. తలుపు తెరిచి బయటికి వచ్చెయ్యండి. దగ్గు, ఆయాసం తగ్గకపోతే వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

కొలత ఇది: ఐదు లీటర్ల నీళ్లకు ఒక టేబుల్ స్పూన్ పౌడర్. ముందు ప్లాస్టిక్ మగ్గులో చన్నీళ్లు తీసుకుని అందులో పౌడర్ వేసి కలపండి, పదిహేను నిమిషాలు కదిలించకండి. అడుగున తెల్లటి సున్నం దిగుతుంది, పైన తేట నిలుస్తుంది. ఆ తేట మాత్రమే బకెట్ నీళ్లలో వంచాలి. పౌడర్ నేరుగా చల్లేవాళ్లు ఒక సున్నం తీసి ఇంకో సున్నం పూసుకుంటున్నట్టే. వేడినీళ్లు వాడకూడదు, ఘాటు లేస్తుంది. పాత ప్యాకెట్ చెమ్మ తగిలి ముద్దకట్టి, తెరిస్తే వాసన రాకపోతే అది పనికిరాదు. చిన్న ప్యాకెట్లే కొనండి.

బకెట్ నిండా ఆ నీళ్లు ఇరవై నిమిషాలు ఉంచి, అవే నీళ్లు కడిగిన డస్ట్‌బిన్‌లో పోసి ఇంకో ఇరవై నిమిషాలు ఉంచండి. తర్వాత మెల్లగా జాలీలోకి వంచెయ్యండి. రెండింటినీ కడిగి ఎండలో వాలుగా బోర్లించండి, లోపలికి గాలి ఆడాలి. ఆరాక డస్ట్‌బిన్ మూత పెట్టి అరగంట ఆగి, తెరిచి వాసన చూడండి. ఇంకా కంపు ఉంటే అంచు మడతలో మురికి మిగిలిందని అర్థం.

అయినా ఈగలు పోకపోతే

కాజీపేటలో మా వదిన వాళ్లింట్లో ఇదే గొడవ. డస్ట్‌బిన్ మెరిసిపోతోంది, ఈగలు మాత్రం అలాగే ఉన్నాయి. చూస్తే అవి వంటింట్లో లేవు, బాత్రూం గోడ మీద కదలకుండా కూర్చున్నాయి. బూడిద రంగు, నూగు రెక్కలు, వేలితో నలిపితే పొడి అంటుకుంది. ఇవి పండ్ల ఈగలు కాదు, మోరీ ఈగలు. పండ్ల ఈగ లేత గోధుమ రంగులో, సాధారణంగా ఎర్రటి కళ్లతో, అరటిపండ్ల చుట్టూ ఎగురుతుంది. రెండింటినీ ఒకటే అనుకుంటే పని దండగ.

రాత్రి జాలీ మీద వెడల్పు టేపు, జిగురు వైపు కిందికి పెట్టి, కొంచెం సందు వదిలి అతికించాం. పొద్దున దానికి ఈగలు అంటుకుని ఉన్నాయి. జాలీ ఎత్తి చూస్తే పైపు గోడకు వెంట్రుకలు, సబ్బు కలిసిన నల్లటి ముద్ద. సీసాలు కడిగే పొడుగు బ్రష్‌తో దాన్ని గీకి తీసి, లిక్విడ్ వేసిన వేడినీళ్లు పోశాం. మరిగే నీళ్లు పొయ్యకూడదు, ప్లాస్టిక్ పైపు మెత్తబడుతుంది. మిగిలిన పురుగులు ఈగలై బయటికి వస్తూనే ఉంటాయి కాబట్టి రెండు మూడు వారాలు, వారానికి రెండుసార్లు అదే పని చెయ్యాలి. మూడో రోజుకే పని చెయ్యలేదని వదిలేస్తే మళ్లీ మొదటికొస్తుంది.

పండ్ల ఈగలకైతే చిన్న గ్లాసులో కొంచెం కల్లు గానీ వెనిగర్ గానీ పోసి, గిన్నెల లిక్విడ్ రెండు చుక్కలు వేసి డస్ట్‌బిన్ పక్కన పెట్టండి. పులిసిన వాసనకు వచ్చి మునిగిపోతాయి. లిక్విడ్ వెయ్యకపోతే పైన వాలి, తాగి ఎగిరిపోతాయి. గ్లాసు ఉన్న ఈగల్ని పడుతుంది గానీ కొత్తవి పుట్టకుండా ఆపలేదు. ఎండాకాలంలో ఈ ఈగకు గుడ్డు నుంచి ఎగరడానికి పది రోజులు చాలు. మామిడి టెంకలు, సీతాఫలం తొక్కలు పేపర్లో చుట్టి, తడి చెత్తను నీళ్లు ఒడిసిపోయాక డబ్బాలో వేసి, ఏ రోజుది ఆ రోజే చెత్త బండికి ఇచ్చెయ్యాలి. బండి రాని రోజున ఆ పొట్లం డబ్బాలో ఉంచకుండా కవర్లో కట్టి బయట పెట్టండి.