పదే పదే కనిపించిన 9,500

సీఏ ఆర్టికల్‌షిప్ మొదటి ఏడాదిలో గుంటూరులో ఒక మిర్చి వ్యాపారి ఖాతాల ఆడిట్‌కి వెళ్ళాను. హమాలీ ఖర్చుల లెడ్జర్‌లో 9,500 నగదు అని పదే పదే కనిపించింది. కూలి బస్తా లెక్కన ఇస్తారు. రోజూ దిగే బస్తాలు మారుతుంటే కూలి మాత్రం ఒకే అంకె ఎలా అవుతుంది? పైగా ఒకే మనిషికి ఒక్క రోజులో 10,000 మించి నగదు ఇస్తే, అప్పటి ఆదాయపు పన్ను చట్టం సెక్షన్ 40ఏ(3) కింద ఆ ఖర్చును పన్ను లెక్కలో ఒప్పుకునేవారు కాదు.

గుమస్తా గారిని "ఇది తప్పు కదండీ?" అని అడిగేశాను. ఆయన ముఖం ముడుచుకుని "ఎప్పుడూ ఇలాగే రాస్తాం" అన్నారు. నాకు టెన్షన్ పట్టుకుంది. మా సీనియర్ మాత్రం "తప్పని నువ్వే తేల్చేయకు. కూలి ఎలా ఇస్తారో మొదటి నుంచి చెప్పమను" అన్నాడు.

మర్నాడు "బస్తా దిగాక డబ్బు చేతికి ఎలా అందుతుందండీ?" అని అడిగాను. ఆయన సొరుగులోంచి కారం మరకలున్న చిన్న నోటుబుక్కు తీశారు. ఒక రోజు 1,520 బస్తాలు, బస్తాకు 12.50, మొత్తం 19,000, కింద ముఠా మేస్త్రి సంతకం. అదే తేదీకి ఖాతాలో 9,500 చొప్పున రెండు వోచర్లు. పేర్లు వేరు, సంతకం మాత్రం అదే మేస్త్రిది.

మిగతా తేదీలనూ ఆ పుస్తకంతో సరిచూసి, అలాంటి చెల్లింపులన్నీ టాక్స్ ఆడిట్ రిపోర్టులో చూపించాం. ఆ తర్వాత మేస్త్రికి కూలి బ్యాంకు ద్వారానే వెళ్ళింది.