దోమల నియంత్రణ – 3వ పాఠం: ఫాగింగ్ తర్వాత ఒక నీళ్ల డ్రమ్ము

నీటిలో పొడవుగా కదిలే లార్వాను, కామా గుర్తులా వంగి ఉండే ప్యూపాను వేరుగా గుర్తించడం గత పాఠంలో నేర్చుకున్నాం. ఈ పాఠమంతా ఆ తేడా మీదే నడుస్తుంది.

మూత సరిగా పడని 200 లీటర్ల డ్రమ్ము ఒకటి ఉందనుకుందాం. నీళ్లు తోడుకోవడం, మళ్లీ నింపడమే తప్ప దాన్ని పూర్తిగా ఖాళీ చేసిన రోజు లేదు. లోపల 60 లార్వాలు, 20 ప్యూపాలు ఉన్నాయి. నీటి మట్టానికి కాస్త పైన, తడి గోడకు అంటుకుని నల్లటి చుక్కల్లా గుడ్లున్నాయి. ఆ వీధిలో డెంగీ కేసు బయటపడటంతో సాయంత్రం ఫాగింగ్ చేశారు.

పొగలోని మందు కంటికి కనిపించనంత సన్నని తుంపరలుగా గాలిలో తేలుతుంది. ఎగురుతున్న దోమకు అది తగలాలి. డెంగీని ఎక్కువగా వ్యాపింపజేసే ఏడిస్ ఈజిప్టై పగటిపూట కుట్టే దోమ. మిగతా సమయంలో మంచం కిందో, వేలాడే బట్టల వెనుకో, ఇంట్లోని చీకటి మూలల్లోనో కూర్చుంటుంది. బయట యంత్రం చప్పుడు వినగానే మనం తలుపులు, కిటికీలు మూసేస్తాం. దాంతో పొగ వీధికే పరిమితమవుతుంది, దోమ ఇంట్లో క్షేమంగా ఉంటుంది. కొద్దిసేపటికి తుంపరలు చెదిరిపోతాయి, మరునాటికి మందు ప్రభావం మిగలదు. పైగా చాలా ప్రాంతాల్లో ఈ దోమలు పైరెత్రాయిడ్ మందులకు తట్టుకునే శక్తిని పెంచుకున్నాయి.

ఇక డ్రమ్ములోకి చూద్దాం. నీటిలో ఉన్నవాటిని ఆ పొగ ఏమీ చేయలేదు. రెండు రోజుల్లో ఆ 20 ప్యూపాలూ రెక్కలు విప్పి ఎగిరిపోతాయి. అందులో సుమారు సగం, అంటే 10 వరకు, రక్తం తాగే ఆడదోమలు. వాతావరణం వెచ్చగా ఉంటే లార్వాలు కూడా వారం, పది రోజుల్లో దోమలవుతాయి.

కొత్త దోమలలో సాధారణంగా వైరస్ ఉండదు కదా అని మీరు అడగవచ్చు. నిజమే. కానీ జ్వరపీడితుడు అదే వీధిలో ఉన్నాడు. జ్వరం మొదలైన తొలి అయిదారు రోజులు అతని రక్తంలో వైరస్ ఉంటుంది. అప్పుడు కుట్టిన దోమలో వైరస్ పెరిగి లాలాజల గ్రంథులకు చేరడానికి సుమారు 8 నుంచి 12 రోజులు పడుతుంది. ఆ తర్వాత ఆ దోమ బతికినంత కాలం వ్యాధిని అంటించగలదు. అందుకే ఫాగింగ్ జరిగిన రెండు మూడు వారాలకు కొత్త కేసులు వస్తుంటే నాకు ఆశ్చర్యం కలగదు. వ్యాప్తి తీవ్రంగా ఉన్నప్పుడు వైరస్ మోస్తున్న దోమలను తగ్గించడానికి, ఇళ్ల లోపల కూడా, మళ్లీ మళ్లీ చేసే ఫాగింగ్‌కు కొంత ఉపయోగం ఉంది. డ్రమ్మును వదిలేసి చేస్తే మాత్రం ఆ ఖర్చు వృథా అనే అంటాను.

మరి డ్రమ్మును ఏం చేయాలి? నీళ్లు పారబోసి ఊరుకుంటే చాలదు, ఎందుకంటే గోడకు అంటుకున్న గుడ్లు ఎండిపోయినా నెలల తరబడి బతికి, నీరు తగలగానే పొదుగుతాయి. వారానికోసారి ఖాళీ చేసి, లోపలి గోడలను గరుకు బ్రష్‌తో గట్టిగా రుద్ది, కడిగి, బిగుతైన మూతో సన్నని వలో వేయాలి.

ఖాళీ చేయడం కుదరనప్పుడే లార్వా మందు. తాగే, వంటకు వాడే నీటిలో అయితే అందుకు అనుమతి ఉన్న మందునే, లేబుల్‌పై రాసిన మోతాదులోనే వేయాలి. టెమిఫాస్ 1 శాతం గుళికలను ఉదాహరణగా తీసుకుందాం. లీటరు నీటికి 1 మిల్లీగ్రాము మందు కావాలి, కాబట్టి 200 లీటర్లకు 200 మిల్లీగ్రాములు. గుళికల్లో అసలు మందు నూరో వంతే కనుక 20 గ్రాముల గుళికలు తూచాలి. సగం నిండిన డ్రమ్ముకైనా పూర్తి సామర్థ్యాన్నే లెక్కలోకి తీసుకోండి, మళ్లీ నింపినప్పుడు మందు పలచబడకుండా ఉంటుంది. కడిగేటప్పుడు గుళికలు పోతే మళ్లీ వేయాల్సిందే.

బీటీఐ అనే బ్యాక్టీరియా మందును లార్వా తినాలి, అప్పుడే చస్తుంది. ప్యూపా ఏమీ తినదు, కాబట్టి దానిపై బీటీఐ పనిచేయదు. అందువల్ల మందు వేసిన మరునాడు ప్యూపాలు కనిపించినంత మాత్రాన మందు పనిచేయలేదని అనుకోకండి. రెండు రోజుల తర్వాత కూడా లార్వాలు చురుగ్గా ఈదుతుంటే మాత్రం మోతాదు తక్కువైందో, మందు పాతదో, టెమిఫాస్ అయితే లార్వాలు దానికి తట్టుకుంటున్నాయో తేల్చుకోవాలి.

పైరిప్రాక్సిఫెన్ సంగతి వేరు. అది లార్వాను వెంటనే చంపదు, ప్యూపా నుంచి దోమ బయటికి రాకుండా ఆపుతుంది. అక్కడ ఈదే లార్వాలను లెక్కపెట్టి ప్రయోజనం లేదు. డ్రమ్ములోని నీటితో పాటే పది ప్యూపాలను ఒక సీసాలోకి తీసి, మూతికి పలుచని గుడ్డ కట్టి, నాలుగు రోజులు నీడలో ఉంచండి. గుడ్డ కింద ఎగిరే దోమలు ఎన్నో రాసిపెట్టుకోండి. వచ్చే పాఠంలో ఆ అంకెతోనే పని మొదలుపెడతాం.