రైట్ బఫర్ పెట్టాక లోడ్‌కి పాత విలువ వస్తుంటే

నేను రాసుకున్న చిన్న కోర్‌లో స్టోర్ల దగ్గర ఆగకుండా నాలుగు ఎంట్రీల రైట్ బఫర్ పెట్టాను. వేగం పెరిగింది గానీ, ఈ జంటలో లోడ్‌కి పాత విలువే వచ్చేది:

```
sb x5, 3(x10)
lw x6, 0(x10)
```

క్లాక్ తగ్గించినా, బఫర్ సైజు మార్చినా లాభం లేదు. మధ్యలో `nop`లు పెడితే మాత్రం బఫర్ ఖాళీ అయ్యి సరిగ్గా వచ్చేది.

ముందు లోడ్ అడ్రస్‌ని వాడుకలో ఉన్న ఎంట్రీలన్నిటితో పోల్చాను, చివరి రెండు బిట్లు వదిలేసి. పూర్తి అడ్రస్ పోలిస్తే `0x103`, `0x100` వేరువేరుగా కనిపిస్తాయి, అసలు తిరకాసు అదే. ఒకటికి మించి కలిస్తే అన్నిటికంటే కొత్తది తీసుకున్నాను. తర్వాత బైట్ మాస్క్ చూశాను: కావాల్సిన బైట్లన్నీ అందులోనే ఉంటే నేరుగా ఇచ్చేయడం, పైన లాగా అన్నీ లేకపోతే ఆ ఎంట్రీ మెమరీకి చేరేదాకా లోడ్‌ని ఆపడం.

నాది వరుసక్రమంలో నడిచే ఒంటరి కోర్. అవుట్-ఆఫ్-ఆర్డర్‌లో ముందు స్టోర్ అడ్రస్ ఇంకా తేలకపోవచ్చు కాబట్టి ఇదొక్కటే చాలదు. డివైస్ రిజిస్టర్లకైతే బఫర్ నుంచి విలువ ఇవ్వనే కూడదు.