నోటి వాసన పోవడం లేదా? నాలుక వెనక భాగం చూశారా?

రోజూ రెండుసార్లు బ్రష్ చేస్తున్నా నోటి వాసన పోవడం లేదంటూ మా క్లినిక్‌కి వచ్చేవాళ్లలో చాలామంది అప్పటికే నెలల తరబడి గ్యాస్ మాత్రలు మింగి ఉంటారు. విజయనగరంలో ఇన్నేళ్లుగా పళ్ల వైద్యం చేస్తున్న నాకు ఇది చూసినప్పుడల్లా బాధగా ఉంటుంది. గొంతుకీ కడుపుకీ మధ్య ఉండే అన్నవాహిక మామూలుగా మూసుకునే ఉంటుంది. త్రేన్పు వస్తే తప్ప కడుపులో గాలి పైకి రాదు. అందుకే వదలని వాసనల్లో పదింట ఎనిమిది, తొమ్మిది నోట్లోనే పుడతాయి.

ముందు ఎక్కడిదో తేల్చుకోండి

మన నోటి వాసన మన ముక్కుకి అలవాటైపోతుంది, మనకి తెలియదు. అరచేతిలోకి ఊది చూసుకుంటే సరిగా తేలదు. ఇంట్లో మొహమాటం లేకుండా చెప్పే మనిషిని దగ్గర కూర్చోబెట్టుకోండి. తిన్నాక, బ్రష్ చేశాక కనీసం రెండు గంటలు ఆగాలి. ఆ రోజు ఉల్లి, వెల్లుల్లి, ఎండుచేప తినకూడదు. మొదట నోరు మూసుకుని ముక్కుతో గాలి వదలండి. తర్వాత ముక్కు పట్టుకుని నోటితో వదలండి. నోటి గాలే వాసన వస్తే తప్పు నోట్లోనే ఉంది. ముక్కు గాలే వాసన వస్తే చెవి ముక్కు గొంతు డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. రెండూ ఒకేలా వస్తే ఊపిరితిత్తుల పరీక్ష, రక్త పరీక్ష కూడా చేయించుకోవాలి.

తర్వాత ఒక స్టీలు చెంచా తీసుకోండి. దాన్ని బోర్లించి, నాలుక మీద చేరగలిగినంత వెనక నుంచి మెల్లగా ముందుకి గీయండి. కొన్ని క్షణాలు ఆగి చెంచా వాసన చూడండి. ఈ ఒక్క పని చేయకుండానే ఎండోస్కోపీ దాకా వెళ్లినవాళ్లని నేను చూశాను.

నన్నే మోసం చేసిన కారణం

గజపతినగరం వైపు ఒక హైస్కూల్లో పనిచేసే లెక్కల మాస్టారు భార్యతో కలిసి వచ్చారు. రెండేళ్లుగా వాసన. కడుపు పరీక్షలన్నీ బాగానే ఉన్నాయి. "ఏటి చేసినా తగ్గట్లేదండి డాక్టర్ గారూ, పిల్లలు కూడా దూరంగా కూర్చుంటన్నారు" అని ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకున్నారు. నోరు చూస్తే చిగుళ్ల దగ్గర గార ఉంది, నాలుక గులాబీ రంగులో శుభ్రంగా ఉంది. "రోజూ బద్దతో గీసుకుంటానండి" అన్నారు మాస్టారు. స్కేలింగ్ చేసి, పుచ్చిన పన్ను ఒకటి నింపి పంపేశాను. పది రోజుల్లో వాసన మళ్లీ వచ్చింది.

నేను చూసింది నాలుక ముందు భాగమే. ఆయన గీసేదీ అదే. రెండోసారి వచ్చినప్పుడు నాలుక కొసని గుడ్డతో పట్టుకుని ముందుకి లాగి, బాగా వెనక నుంచి చెంచాతో గీశాను. పసుపు రంగులో చిక్కటి పాచి వచ్చింది. చెంచా ఆవిడ ముక్కు దగ్గర పెడితే "ఇదేనండి, ఈ వాసనే" అన్నారు.

నాలుక ముందు భాగం తినేటప్పుడు, మాట్లాడేటప్పుడు పళ్లకీ అంగిలికీ రాసుకుని దానంతటదే శుభ్రపడుతుంది. వెనక భాగానికి ఆ రాపిడి లేదు. అక్కడ గరుకుగా, సందులు సందులుగా ఉంటుంది. రాలిన కణాలు, తిండి తునకలు, ముక్కు వెనక నుంచి కారే చీమిడి అన్నీ అక్కడే చేరతాయి. గాలి తగలని ఆ పొరలో బతికే బాక్టీరియా వాటిలోని ప్రోటీన్లని కుళ్లబెట్టి గంధకపు వాయువులు వదులుతాయి. కుళ్లిన గుడ్డు వాసన వచ్చేది అందులో ఒకటి.

గీసే పద్ధతి ఇది. పరగడుపున చేయండి. నాలుక బాగా చాపి, బద్దని చేరగలిగినంత వెనక ఆనించి, ఊపిరి వదులుతూ ముందుకి లాగండి. ఊపిరి వదిలేటప్పుడు డోకు తక్కువగా వస్తుంది. ప్రతిసారీ బద్ద కడుగుతూ నాలుగైదు సార్లు లాగితే చాలు. మొదటి రోజుల్లో కళ్లనీళ్లు వస్తాయి, వారంలో అలవాటవుతుంది. చీల్చిన వేప పుల్లతో చేసినా ఫరవాలేదు, కానీ వెనకదాకా వెళ్లాలి. రక్తం వచ్చేలా గీకకండి. బాగా వెనక వరసగా కనిపించే పెద్ద బుడిపెలు పుట్టుకతో ఉండేవే, వాటిని చూసి క్యాన్సర్ అని టెన్షన్ పడొద్దు.

మాస్టారికి వారంలో చాలా తేడా వచ్చింది. కానీ ఒక ఫిర్యాదు మిగిలింది. పొద్దున్న శుభ్రం చేసుకున్నా పదకొండు గంటలకల్లా వాసన తిరిగి వస్తోంది. పాచి అంత తొందరగా తిరిగి వస్తుంటే ఉమ్మి చాలట్లేదని అనుమానించాలి. నోటిని రోజంతా కడిగేది ఉమ్మే. నిద్ర లేచేసరికి నాలుక అంగిలికి అతుక్కుంటోందా, నీళ్లు లేకుండా బిస్కెట్ మింగగలుగుతున్నారా అని అడిగాను. అతుక్కుంటోంది, మింగలేకపోతున్నారు.

అప్పుడు రోజంతా ఎలా గడుస్తుందో చెప్పమన్నాను. దుమ్ము పడక ముక్కు దిబ్బడ, అందుకని ఏళ్లుగా రాత్రి పడుకునే ముందు మందుల షాపులో కొన్న జలుబు మాత్ర. అందులో ఉన్నది క్లోర్‌ఫెనిరమిన్, అది ఉమ్మిని తగ్గిస్తుంది. ముక్కు మూసుకుపోయి రాత్రంతా నోటితోనే ఊపిరి. పొద్దున్న టీ తాగి బడికి వెళితే, వరసగా నాలుగు పీరియడ్లు మాట్లాడి, మధ్యాహ్నం భోజనం దగ్గరే మొదటి నీళ్లు.

చెవి ముక్కు గొంతు డాక్టర్‌కి రాసి పంపాను. ఆయన మాత్ర మాన్పించి ముక్కులో కొట్టే స్ప్రే ఇచ్చారు. పీరియడ్ అయ్యాక ప్రతిసారీ నాలుగు గుక్కలు నీళ్లు, టిఫిన్ మానకూడదు అన్నాను. మూడు వారాల తర్వాత చెంచాకి పల్చటి తెల్లపొరే వచ్చింది, వాసన లేదు. బీపీకి, నిద్రకి, మానసిక ఇబ్బందులకి ఇచ్చే కొన్ని మందులు కూడా నోరు ఎండబెడతాయి. వాటిని మీ అంతట మీరు ఆపొద్దు, రాసిన డాక్టర్‌నే అడగండి.

మౌత్‌వాష్ గురించి కూడా అడుగుతారు. క్లోర్‌హెక్సిడిన్‌ని డాక్టర్ చెప్పినన్నాళ్లు, మామూలుగా రెండు వారాలకి మించకుండా వాడొచ్చు. ఎక్కువ రోజులు వాడితే పళ్లు, నాలుక గోధుమరంగు తిరుగుతాయి. నోరు ఎండే మనిషి ఆల్కహాల్ ఉన్నది వాడకపోవడమే మంచిది. పాచి అలాగే ఉంచి పుక్కిలిస్తే గంటో రెండు గంటలో కప్పిపుచ్చినట్టు, అంతే.

చెంచా వాసన లేకపోతే

దవడ పళ్ల మధ్య ఫ్లాస్ దారం పోనిచ్చి వాసన చూడండి. దారం కంపు కొట్టినా, రక్తం అంటినా చిగుళ్ల జబ్బు, సందులో పుచ్చు, వదులైన క్యాప్ వీటిలో ఏదో ఒకటి. దానికి ఇంట్లో మందు లేదు, పళ్ల డాక్టర్ చూడాలి. కట్టుడు పళ్లు రాత్రి తీసి, కడిగి, నీళ్లలో ఉంచాలి. గొంతు పక్కల నుంచి కంపు కొట్టే తెల్లటి చిన్న గుండ్లు పడుతుంటే అవి టాన్సిల్ రాళ్లు. చిన్నపిల్లాడికి ఒక్క ముక్కు నుంచే కంపు, చీమిడి వస్తుంటే చింతపిక్కో, పూసో ఇరుక్కుని ఉండొచ్చు, ఇంట్లో తీయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

షుగర్ ఉన్నవాళ్ల ఊపిరి ముగ్గిన పండు వాసన వస్తూ వాంతులు, ఆయాసం ఉంటే ఆ గంటలోనే ఆసుపత్రికి వెళ్లాలి. ఊపిరి అమోనియా వాసన, నోట్లో లోహపు రుచి, ఆకలి లేకపోవడం, కాళ్ల వాపు ఉంటే క్రియాటినిన్ పరీక్ష చేయించుకోవాలి. కవిటి, సోంపేట, పలాస వైపు ఉద్దానం వాళ్లకి కిడ్నీ జబ్బు బెడద ఎక్కువ కాబట్టి ఈ పరీక్ష వాయిదా వేయొద్దు.

తీరప్రాంతపు ఊళ్లలో చుట్టని నిప్పు లోపలికి పెట్టి అడ్డపొగ తాగే పెద్దమ్మలు కొందరు ఇంకా ఉన్నారు. వాళ్ల నోటి వాసనని చుట్ట వాసనే అని వదిలేస్తారు. ఆ నిప్పు వేడి, పొగ నేరుగా తగిలేది అంగిలికి, అక్కడే క్యాన్సర్ వస్తుంది. పగటి వెలుగులో నోరు బాగా తెరిపించి పైకి చూడండి. అంగిలి మీద తెల్ల మచ్చ, ఎర్ర మచ్చ, మానని పుండు ఏది కనిపించినా, నొప్పి లేదని ఆవిడ అన్నా, ఆ వారంలోనే తీసుకెళ్లి చూపించండి.