బర్న్‌డౌన్ గీత కదలనప్పుడు

స్ప్రింట్ అనే పది రోజుల పని విడతలో, పని పరిమాణాన్ని పాయింట్లలో అంచనా వేసి, మా జట్టు 40 పాయింట్ల పని తీసుకుంది. మూడవ రోజున 28 పాయింట్లు మిగిలి ఉన్నట్లు చూపిన బర్న్‌డౌన్ చార్టు ఆరవ రోజున కూడా 28 వద్దే నిలవడంతో, జట్టు నెమ్మదించిందని నేను పొరబడ్డాను.

మిగిలిన పనిని మాత్రమే చూపే ఆ గీతలో పూర్తయిన పని, కొత్తగా చేరిన పని ఒకదానినొకటి కప్పివేస్తాయి. అవే లెక్కలను బర్న్‌అప్ చార్టుగా గీసినప్పుడు, పూర్తయిన పని గీత 12 నుండి 24కు, మొత్తం పని గీత 40 నుండి 52కు పెరిగినట్లు కనిపించింది. రోజుకు నాలుగు పాయింట్ల వేగం ఏమాత్రం తగ్గలేదు. జట్టు నిజంగా నెమ్మదించి ఉంటే పై గీత సమంగా ఉండి, కింది గీత చదునయ్యేది.

అయితే పాత పనుల అంచనాలను పెంచినా పై గీత లేస్తుంది కనుక, మార్పుల చరిత్రను కూడా పరిశీలించాను. చేరినవన్నీ కొత్త కోరికలే. వాటిని తరువాతి స్ప్రింట్‌కు మార్చగా, మిగిలిన 16 పాయింట్లు నాలుగు రోజులలో పూర్తయ్యాయి.