దీపావళి లడ్డూల పాకం: థర్మామీటర్ ముంచే ముందు చూసుకోవలసినవి

చక్కెర పాకాన్ని వేళ్ళ మధ్య సాగదీసి తీగ చూడటంలో ఒక చిక్కుంది. గరిట నుంచి చుక్క తీసి, అది వేలు కాలని వేడికి దిగి, తీగ సాగేలోపు పొయ్యి మీదున్న పాకం ఇంకాస్త ముదిరిపోతుంది. థర్మామీటర్‌తో ఆ ఆలస్యం ఉండదు. అలాగని వంటకంలో రాసిన అంకె చూసి గుడ్డిగా దింపేస్తే, తీగ చూసి చేసినదానికంటే ఎక్కువ నష్టం జరుగుతుంది, హైదరాబాద్‌లో మరీనూ.

కారణం ఇది. థర్మామీటర్ చూపే వేడి నిజానికి పాకంలో ఇంకా ఎంత నీరు మిగిలిందో చెప్పే లెక్క. నీళ్ళలో చక్కెర వాటా పెరిగేకొద్దీ అది మరిగే వేడి పెరుగుతుంది. సముద్రమట్టం దగ్గర ఉత్త నీళ్ళు 100 డిగ్రీల దగ్గర మరిగితే, తీగ పాకం 105–106 దగ్గర మరుగుతుంది. హైదరాబాద్ సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉంది. ఎత్తు 300 మీటర్లు పెరిగితే నీళ్ళు మరిగే వేడి దాదాపు ఒక డిగ్రీ తగ్గుతుంది కాబట్టి ఇక్కడ నీళ్ళు 98 దగ్గరే మరిగిపోతాయి. పాకానిదీ అదే దారి. కాకినాడలో 106 చూసి దింపే పాకాన్ని ఇక్కడ 104కే దింపాలి.

అందుకని పాకం పట్టే రోజు పొద్దున్నే ఒక పని చేయండి. గిన్నెలో నీళ్ళు తెర్లించి, బాగా మరుగుతున్నప్పుడు థర్మామీటర్‌ని మధ్యలో, అడుగుకు తగలకుండా ముంచి రెండు నిమిషాలు ఉంచండి. వచ్చిన అంకెను కాగితం మీద రాసి పొయ్యి పక్కన అంటించండి. 98 రావాలి గానీ 96 వచ్చినా, 99 వచ్చినా థర్మామీటర్ పారేయనక్కర్లేదు. ఇక పాకాలన్నింటినీ ఆ అంకె మీద ఎన్ని డిగ్రీలు ఎక్కువ అని లెక్కపెట్టుకుంటే ఊరి ఎత్తూ, పరికరం తప్పూ రెండూ ఒకేసారి సర్దుకుంటాయి.

గులాబ్‌జామ్ జిగురు పాకానికి నీళ్ళ అంకె మీద 2 నుంచి 3 డిగ్రీలు చాలు. బూందీ లడ్డూ, మైసూర్‌పాక్, కాజూ కత్లీ వంటివాటి తీగ పాకం 5–6 దగ్గర వస్తుంది, రెండు తీగలు 8–10 దగ్గర. నీళ్ళలో వేస్తే మెత్తని ఉండ కట్టే పాకం 12–16. చిక్కీకి, పటుక్కున విరిగే పాకం కావాలంటే 46 దాటాలి. ఇవన్నీ చక్కెరకే. అరిసెల బెల్లం పాకానికి ఈ అంకెలు పెట్టుకోకండి. బెల్లంలో చక్కెరతో పాటు వేరే తీపి పదార్థాలు, లవణాలు ఉంటాయి, అవి ఒక్కో బెల్లంలో ఒక్కోలా ఉంటాయి. దానికి గిన్నెలో నీళ్ళు పెట్టుకుని ఉండ చూడటమే ఇప్పటికీ సరైన పద్ధతి.

ఇప్పుడు లడ్డూ పాకం ఒకటి పట్టి చూద్దాం. అర కిలో శనగపిండి బూందీకి కిలో చక్కెర, అర లీటరు నీళ్ళు. మీ థర్మామీటర్ మరిగే నీళ్ళలో 97 చూపించిందనుకోండి. సన్నని సెగ మీద చక్కెర పూర్తిగా కరిగే వరకు కలపండి, తర్వాత గరిట తీసేయండి. మరగడం మొదలవగానే థర్మామీటర్ దాదాపు 101 చూపుతుంది, అంటే అప్పటికే నీళ్ళ అంకె మీద 4 డిగ్రీలు. మనకు కావలసింది 6, అంటే 103. ఈ రెండు డిగ్రీల్లో ఆవిరి కావలసిన నీరు సుమారు 100 గ్రాములే. సెగ పెద్దది పెట్టి డబ్బాల్లో జీడిపప్పు వెతకడానికి వెళితే తిరిగొచ్చేసరికి దాటిపోతుంది.

ఇదే చోట వంటకంలోని 106 చూసి ఆగితే ఏమవుతుందో చూడండి. 97 మీద 106 అంటే 9 డిగ్రీలు, అది రెండు తీగల పాకం. కిలో చక్కెరలో 400 గ్రాముల చిల్లర మిగలాల్సిన నీరు 300 దగ్గరికి పడిపోతుంది. బూందీ పాకాన్ని పీల్చుకోకముందే చక్కెర గట్టిపడి, ఉండ చుట్టబోతే పొడిపొడిగా రాలుతుంది, మర్నాటికి పైన తెల్లని పొర కడుతుంది. మరగడం మొదలైన 4 డిగ్రీల దగ్గరే ఆపేస్తే లడ్డూ తడిగా జారి, పళ్ళెంలో పాకం ఊరుతుంది.

అనుమానం తీరాలంటే తూకం ఉంది. ఖాళీ గిన్నె బరువు ముందే చూసుకోండి. పాకం దింపాక త్రాసు మీద చెక్క పలక వేసి, దాని బరువు సున్నా చేసి గిన్నె పెట్టండి. గిన్నె బరువు పోను పాకం 1,400 గ్రాముల చుట్టూ ఉంటే లడ్డూకు సరిగ్గా ఉన్నట్టే. తీగ పాకం దగ్గర ఒక్క డిగ్రీకే 40 గ్రాముల నీరు తేడా వస్తుంది కాబట్టి, ఇక్కడ థర్మామీటర్ కంటే త్రాసే నమ్మకం. చిక్కీ దగ్గర అలా కాదు. అక్కడ కొన్ని గ్రాముల నీటికే వేడి చాలా డిగ్రీలు ఎగబాకుతుంది, కాబట్టి థర్మామీటర్‌నే నమ్మాలి.

కొనేటప్పుడు 200 డిగ్రీల వరకు చూపేదేనా అని అడగండి. జ్వరం చూసే థర్మామీటర్ పనికిరాదు, అది 42 దగ్గరే ఆగిపోతుంది, మరిగే పాకంలో పగిలిపోతుంది. పాదరసం ఉన్నదేదీ తినే పాకంలో పెట్టకూడదు. దూరం నుంచి ఎర్ర చుక్క వేసి చూసే తుపాకీ రకం పైపొర వేడినే చదువుతుంది, మీదున్న ఆవిరి దాన్ని ఇంకా తప్పించేస్తుంది. గుండ్రని ముఖం ఉన్న సూది రకంలో వేడి పసిగట్టే భాగం చాలావరకు కొన నుంచి 4–5 సెంటీమీటర్ల దాకా ఉంటుంది. పావు కిలో చక్కెర పాకం వెడల్పు కడాయిలో అంత లోతు ఉండదు, అంకె తక్కువ చూపిస్తుంది, మీరు ముదరబెట్టేస్తారు. తక్కువ పాకానికి ఇరుకైన లోతు గిన్నె వాడండి. కొన అడుగుకు తగిలితే దీనికి తలకిందులు, అంకె ఎక్కువ చూపిస్తుంది.

ఒకసారి ముంచి తీసిన థర్మామీటర్‌ని వేడినీళ్ళలో కడిగాకే మళ్ళీ ముంచండి. దానికంటిన చక్కెర పలుకు ఒక్కటి చాలు, పాకమంతా పలుకులు కట్టడానికి.

అడుగు మందపాటి కడాయిలో పొయ్యి ఆపాక కూడా నీరు ఆవిరవుతూనే ఉంటుంది, కాబట్టి అర డిగ్రీ ముందే దింపి, కడాయి అడుగును నీళ్ళ పళ్ళెంలో ఒక్క నిమిషం ఉంచండి. తీగ పాకం ముదిరిపోతే పొయ్యి కట్టేసి 50 మిల్లీలీటర్ల వేడినీళ్ళు పక్క నుంచి పోసి, మళ్ళీ మరిగించి చూడండి, తిరిగి వస్తుంది. చిక్కీ పాకంలో మాత్రం నీళ్ళు పోయకండి, భగ్గున పైకి చిమ్ముతుంది.

పాకం చర్మం మీద పడితే నూనెలా జారిపోదు, అంటుకుని కాలుస్తూనే ఉంటుంది. దాన్ని పీకకండి. కుళాయి నీళ్ళ కింద 20 నిమిషాలు ఉంచండి, చల్లబడుతూ అదే కరిగిపోతుంది. మంచుగడ్డలు, టూత్‌పేస్ట్ పెట్టవద్దు. బొబ్బ అరచేయంత ఉన్నా, ముఖం మీద పడినా ఆసుపత్రికి వెళ్ళండి.